బిడ్డ కదలిక: ఎప్పుడు మొదలవుతుంది, ఎలా మారుతుంది, ఎప్పుడు జాగ్రత్త పడాలి
(షోలాపూర్‌లో మహిళా కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకునేది కడుపులో బిడ్డ కదలిక గురించి. ఇది ఆడవాళ్ల ముచ్చట కదా, మాకెందుకు అని సోదరులు లేచి వెళ్లవద్దు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలా వద్దా అన్న మాట ఇంట్లో చాలాసార్లు మీ నోటి నుంచే వస్తుంది.

ముందు మొదటి కదలిక సంగతి చూద్దాం. డాక్టర్లు వారాలను చివరిసారి బయటచేరిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆ లెక్కన తొలిచూలు తల్లికి సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య, అంటే ఐదో నెలలో, కదలిక తెలుస్తుంది. ఇంతకు ముందు కన్న తల్లి 16 వారాలకే గుర్తుపట్టవచ్చు. బిడ్డ అంతకు చాలా ముందు నుంచే కదులుతూ ఉంటుంది. చిన్నది కాబట్టి మనకు తెలియదు.

మొదట్లో అది తన్నినట్టు ఉండదు. నీళ్లలో చేపపిల్ల తోక ఆడించినట్టు, లోపల బుడగ లేచి పగిలినట్టు ఉంటుంది. వాయువు తిరుగుతోందేమో అని చాలామంది పట్టించుకోరు. మాయ కడుపు ముందు గోడకు అంటుకుని ఉంటే అది మధ్యలో మెత్తలా అడ్డుపడుతుంది. అలాంటప్పుడు 20 వారాలు దాటాక గానీ తెలియకపోవచ్చు. స్కానింగు కాగితంలో మాయ ముందు ఉందని రాసి ఉందో లేదో డాక్టరును అడిగి తెలుసుకోండి. కారణం ఏదైనా సరే, 24 వారాలు నిండినా ఒక్క కదలికా తెలియకపోతే తప్పకుండా చూపించుకోవాలి.

ఐదు, ఆరు నెలల్లో కదలికకు ఒక వరుస ఉండదు. ఒక రోజు బాగా తెలుస్తుంది, మరుసటి రోజు తక్కువగా తెలుస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. ఏడో నెలకు వచ్చేసరికి తన్ను గట్టిపడుతుంది, కడుపు మీద చెయ్యి పెట్టిన భర్తకు కూడా తగులుతుంది. సుమారు 28 వారాల నుంచి బిడ్డకు తనదంటూ ఒక అలవాటు ఏర్పడుతుంది. చాలామంది బిడ్డలు సాయంత్రం, రాత్రి ఎక్కువగా కదులుతారు. మధ్యమధ్య నిద్రపోతారు. ఆ నిద్ర ఒక్కోసారి 20 నిమిషాలు, 40 నిమిషాలు ఉంటుంది. గంటన్నర దాటడం అరుదు.

ఇక అసలు సంగతి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అంటారు: "తొమ్మిదో నెలలో బిడ్డకు చోటు చాలదు, కదలిక తగ్గిపోతుంది, ఏం కాదు" అని. ఈ మాటలో సగమే నిజం. చోటు ఇరుకవడం నిజం. అందువల్ల కదలిక తీరు మారుతుంది. ఎగిరి తన్నడానికి బదులు మోకాలితో నెట్టడం, ఒళ్లు విరుచుకోవడం, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లడం ఎక్కువవుతుంది. కానీ ఎన్నిసార్లు కదులుతుందన్నది తగ్గకూడదు. సుమారు 32 వారాల వరకు కదలికలు పెరిగి, ఆ తర్వాత కాన్పు దాకా దాదాపు అలాగే నిలుస్తాయి. నొప్పులు మొదలైనా కదలిక ఉండాల్సిందే.

తగ్గితే ఎందుకు భయపడాలి? బిడ్డకు తిండి, ప్రాణవాయువు అందేది మాయ నుంచే. మాయ సరిగా పనిచేయకపోతే బిడ్డ ఉన్న ప్రాణవాయువును గుండెకు, మెదడుకు మిగుల్చుకుని కాళ్లు చేతులు ఆడించడం తగ్గిస్తుంది. అంటే కదలిక తగ్గడం బిడ్డ మనకు పంపే కబురు. ఆ కబురు అందిన వెంటనే కదిలితే బిడ్డను కాపాడుకునే వీలుంటుంది. కదలిక పూర్తిగా ఆగేదాకా చూస్తే ఆ వీలు చేజారవచ్చు.

మన పనిలో ఒక చిక్కు ఉంది. వైండింగ్‌లో ఎనిమిది గంటలు నిలబడి కండెలు మారుస్తూ, సాంచాల చప్పుడులో, నేల అదురులో ఉన్నప్పుడు బిడ్డ కదిలినా మనకు తెలియదు. మనసంతా దారం మీదే ఉంటుంది. కాబట్టి షిఫ్టులో తెలియలేదని బెదరవద్దు. అలాగని ఇంటికొచ్చి వంట, బట్టలు ముగించి, చూసుకోకుండా నిద్రపోవద్దు. ఏడో నెల నుంచి రోజూ ఒక వేళ పెట్టుకుని, ఎడమ పక్కకు పడుకుని, కడుపు మీద చెయ్యి వేసి గమనించండి.

సందేహం వస్తే లెక్క ఎలా పెట్టాలో ఒక ఉదాహరణతో చెబుతాం. మన చెల్లెలు ఒకామెకు 34 వారాలు అనుకుందాం. రోజూ రాత్రి భోజనం అయ్యాక తొమ్మిదింటికి బిడ్డ బాగా కదులుతుంది. అరగంటలోపే పది కదలికలు వస్తాయి. ఒక రాత్రి అలా లేదు. ఆమె ఎడమ పక్కకు పడుకుని, ఒక గిన్నెలో పది చింతగింజలు పెట్టుకుంది. కదలిక వచ్చినప్పుడల్లా ఒక గింజ తీసి పక్కన వేసింది. తన్ను, దొర్లు, నెట్టు అన్నీ లెక్కే. ఆగకుండా వరుసగా కదిలితే అదంతా ఒక్కటే. వెక్కిళ్లు తాళం వేసినట్టు సమంగా వస్తాయి, వాటిని లెక్కలో చేర్చకూడదు. తొమ్మిదింబావుకు మొదలుపెట్టింది. పదింబావుకు మూడు గింజలు పడ్డాయి. పదకొండుంబావుకు, అంటే రెండు గంటలకు, ఐదే. ఇక తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే కాన్పుల ఆసుపత్రికి బయలుదేరాలి. బండి దొరకకపోతే 108కి ఫోను చేయాలి.

ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోండి. కదలిక అసలే లేకపోతే రెండు గంటలు లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి. పది గింజలూ పడ్డా, రోజూ ఉన్నట్టు లేదు, బలహీనంగా ఉందని మీకు అనిపిస్తే అప్పుడూ వెళ్లండి. పది అన్న అంకె కన్నా మీ బిడ్డ రోజువారీ అలవాటే పెద్ద కొలత. చల్లని నీళ్లు, చక్కెర నీళ్లు తాగి చూద్దామని వేళ పోగొట్టుకోవద్దు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు? ముందు గుండె చప్పుడు వింటారు. తర్వాత కడుపుకు పట్టీ కట్టి 20 నిమిషాలో, అంతకన్నా ఎక్కువసేపో గుండె వేగం కాగితం మీద గీయిస్తారు. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరిగితే మంచి గుర్తు. రక్తపోటు చూస్తారు, టేపుతో కడుపు కొలుస్తారు, అవసరమైతే స్కానింగులో ఉమ్మనీరు, బిడ్డ ఎదుగుదల చూస్తారు. ఆయా గుండె చప్పుడు విని "బాగుంది, పో" అంటే, "కదలిక తగ్గింది, పట్టీ కట్టి చూడండి" అని అడగండి. వెళ్లినవాళ్లలో చాలామందికి అంతా బాగానే ఉందని చెప్పి పంపిస్తారు. మళ్లీ రెండు రోజులకు తగ్గితే మళ్లీ వెళ్లాలి. "మొన్ననే వచ్చావు కదా" అని ఎవరైనా విసుక్కున్నా వెనక్కి రావద్దు. పదేపదే తగ్గడం మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం.

తొలికాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి, తెలంగాణకు వెళ్లే చెల్లెళ్లు పరీక్షల కార్డు, స్కానింగు కాగితాలు వెంట తీసుకుపోండి. బిడ్డ రోజూ ఏ వేళకు కదులుతుందో అమ్మకూ చెప్పి ఉంచండి.

చివరిగా పని సంగతి. ప్రసూతి సెలవు 26 వారాలలో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్న తల్లికి సెలవు మొత్తం 12 వారాలు, అందులో ముందు తీసుకోగలిగేది 6. నెలలు నిండుతున్న తల్లి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని చట్టంలో ఉంది. షిఫ్టు మధ్యలో కదలిక లేదని ఎవరికైనా అనుమానం వస్తే పక్క మిషన్ మీది అక్క ఆమె కండెలు చూసుకోవాలి, ఇంకొకరు ఆమె వెంట ఆసుపత్రికి పోవాలి. ఆ పూట ఉత్పత్తి తగ్గితే ఆ సంగతి మర్నాడు మాట్లాడుకుందాం.