పసుపు పువ్వొక్కటే మారాలి



కిందటి వేసవిలో మా వదిన ఒక కుర్తా పట్టుకొచ్చింది. పెడన అద్దకం, నూలు గుడ్డ. మీగడ రంగు నేల మీద నల్లటి గీతల్లో తీగలు, ఎర్రటి మొగ్గలు, మధ్యమధ్య పసుపు పువ్వులు. ఎరుపూ నలుపూ కొన్ననాటిలాగే ఉన్నాయి, పసుపు మాత్రం ఎండకి వెలిసిపోయి గుడ్డలో కలిసిపోయింది. "ఈ పువ్వుల్ని ఆకుపచ్చగా చేసిపెట్టు. మిగతాది తాకకూడదు సుమా" అంది. ఆ "తాకకూడదు" అన్న మాటలోనే అద్దకం పనంతా ఉంది. ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది దాన్ని గురించే.

గిన్నెలో రంగు కలిపి కుర్తా ముంచితే అన్నీ మారతాయి. ఒక్క రంగే మారాలంటే మిగిలినవాటికి తలుపు వేయాలి. కలంకారీవారు తరతరాలుగా వాడిన తలుపు మైనం. వెనకటి రోజుల్లో నీలం కావలసినచోటు వదిలేసి, మిగతా గుడ్డంతా కరిగిన మైనం పూసి నీలిమందు కాగులో ముంచేవారు. నీలిమందుని కుంచెతో పూయడం కష్టం. కాగులో అది గాలి సోకని స్థితిలో కరిగి ఉంటుంది. కుంచె పైకి తీయగానే గాలి తగిలి, గుడ్డని చేరకముందే నీలంగా మారి కరగకుండా పోతుంది. అందుకే కుంచెకి బదులు ముంచడం, ముంచాలి గనక మైనం.

పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది గనక నేనూ ఆ దారే పట్టాను. అయితే ముందు ఈ కుర్తా ఏ రకం అద్దకమో తెలుసుకోవాలి. వెలిసిన పువ్వు మీద ఒక్క నీటిచుక్క వేశాను. చుక్క వెంటనే గుడ్డలోకి ఇంకిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే పువ్వు అటువైపు కూడా దాదాపు అంతే కనిపించింది. అంటే రంగు దారం లోపల ఉంది, పని సాగుతుంది. చుక్క పూసలా నిలబడి, పువ్వు వేలికి కాస్త బిరుసుగా తగిలి, వెనకవైపు లేతగా ఉంటే అది జిగురుతో అంటించిన రంగు. ఆ జిగురు పొర కొత్త రంగుని లోపలికి రానివ్వదు. అలాంటి కుర్తా అయితే నేను అక్కడే ఆగిపోయేదాన్ని.

తరువాత కుట్లు విప్పాను. ఇది చాలామంది బద్ధకించే పని. కుట్టు ఉండగా మైనం పూస్తే ముందు ముక్కా వెనక ముక్కా అతుక్కుంటాయి. సగం పువ్వు కుట్టు మడతలో దాక్కుంటే దాని రంగు సగమే మారుతుంది. పక్క కుట్లూ చేతులూ విప్పి గుడ్డని చాపలా పరిచాను.

మైనంలో తేనెమైనమే ఎక్కువ, కొవ్వొత్తి మైనం కొద్దిగా. కొవ్వొత్తి మైనం ఒక్కటే అయితే పెళుసు. గుడ్డ మడిచినప్పుడు పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నీలం దారాల్లా దూరి ఎర్ర మొగ్గల మీద పాకుతుంది. తేనెమైనం వంగుతుంది. కరిగిన మైనం పొగ రాకుండా వేడిగా ఉండాలి. సరిగా ఉందో లేదో గుడ్డే చెబుతుంది. పూసినచోటు నూనె కాగితంలా పారదర్శకమైతే మైనం అటువైపుకి దిగినట్టు. తెల్లగా, మబ్బుగా పైన పేరుకుంటే మైనం చల్లారిపోయినట్టు, దాని కిందనుంచి రంగు దూరుతుంది.

పువ్వు అంచు దగ్గర చేయి వణుకుతుందని భయపడ్డాను. అక్కడ పాత అచ్చే నన్ను ఆదుకుంది. ప్రతి పువ్వు చుట్టూ నల్లగీత ఉంది కదా, మైనం అంచుని ఆ గీత మధ్యలో ఆపాను. గీతలో సగం మైనం కింద, సగం బయట. బయటి సగానికి నీలం పట్టినా నలుపులో అది కనబడదు. నల్లగీత లేని పువ్వయితే చిన్న తప్పు కూడా దాగేది కాదు.

నీలిమందు కాగుకి పూర్వం తగిరస గింజలు వేసి పులియబెట్టేవారు. నేను తేలిక కొలత వాడాను: తూకంలో 1 వంతు నీలిమందు, 2 వంతులు సున్నం, 3 వంతులు పండ్ల చక్కెర. వేడినీళ్లలో కలిపి చల్లారనిచ్చాను. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది గనక కాగు చేతికి గోరువెచ్చదనం మించకూడదు. పైన రాగి మెరుపు పొర, దాని కింద పసుపుపచ్చ నీరు కనిపిస్తే కాగు సిద్ధం. నీరు నీలంగానే ఉంటే అది ఇంకా తయారు కాలేదు, అందులో ముంచితే పైపైన మరక అంటి ఉతుకులో పోతుంది.

ఒక్కోసారి నిమిషం చొప్పున ముంచి, పది నిమిషాలు గాలికి ఆరవేసి, అలా మూడుసార్లు చేశాను. కాగులోంచి తీసినప్పుడు పచ్చగా ఉన్న పువ్వు కళ్లముందే నీలంగా మారడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఎక్కువసేపు ఒకేసారి నానబెట్టడం కంటే తక్కువసేపు పలుమార్లు ముంచడమే మేలు, మైనం అంచులు కూడా నిలబడతాయి.

సున్నం వదిలించడానికి కొందరు నిమ్మరసం నీళ్లు పోస్తారు. ఈ కుర్తాకి అది విషం. నల్లగీత ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టిన కసిమితో వేసినది. కరక్కాయతో ఇనుము కలిసి పుట్టిన నలుపుని పులుపు కరిగిస్తుంది. అందుకని మామూలు నీళ్లలోనే పదేపదే జాడించాను.

ఇక మైనం వదిలించడం. ముందు కాగితాల మధ్య ఇస్త్రీ, తరువాత సబ్బునీళ్లలో మరిగించడం. వదిన కంగారుపడింది: "మరిగిస్తే ఎరుపు పోదా?" పోదు వదినా అన్నాను. పటిక అద్దినచోట ఆ ఎరుపు పుట్టిందే మరుగుతున్న కాగులో. అప్పట్లో చిరివేరుతో మరిగించేవారు, తరువాత అలిజరిన్ వచ్చింది. రెండూ మరుగునీటికి జంకవు. చల్లారాక మైనం పైకి తేలి బిళ్లలా గడ్డకట్టింది. వడగట్టి దాచుకున్నాను, మళ్లీ పనికొస్తుంది.

ఇదే పద్ధతిలో ఎర్ర మొగ్గని నీలం చేయమంటే నా వల్ల కాదు. ముంచే రంగు ఉన్నదానితో కలుస్తుందే గాని దాన్ని తీసివేయదు. ఎరుపు మీద నీలం పడితే వంగపండు రంగు వస్తుంది. ఆ ఎరుపుని తీసివేసే పద్ధతి 1810 ప్రాంతంలో ఫ్రాన్సులోని మ్యూలూజ్‌లో కోక్లిన్ కుటుంబంవారు కనిపెట్టారు. గుడ్డ మీద పులుపు అద్ది, తెల్లబరిచే సున్నపుపొడి నీళ్లలో నడిపితే, పులుపున్నచోట మాత్రం ఎరుపు విరిగిపోతుంది. కొత్త గట్టి గుడ్డకి అది సరే. ఏళ్లు తొడిగిన కుర్తాలో దారం అక్కడే చివికిపోతుంది.

పువ్వులు నీలంగా వచ్చాయి గాని వదిన అడిగింది పచ్చదనం. పాత పసుపు పూర్తిగా వెలిసిపోయింది గనక నీలానికి తోడు దొరకలేదు. దానిమ్మ తొక్క కషాయంలో పటిక కలిపి, పాకకుండా తుమ్మజిగురుతో చిక్కబరిచి, సన్నటి కుంచెతో పువ్వులకి పూశాను. ఇది గాలికి మారే రంగు కాదు కాబట్టి కుంచె పనికొచ్చింది. పువ్వులు ఆకుపచ్చకి తిరిగాయి.

ఆ పచ్చ ఎన్నాళ్లుంటుందని వదిన అడిగింది. పాత కోరమండల్ కలంకారీ గుడ్డలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. వాటిలో ఆకులు చాలాచోట్ల నీలంగా కనబడతాయి. అద్దిననాడు అవి పచ్చనివే. పైన పూసిన పసుపు వెలుతురుకి పోయింది, కింద నీలం మిగిలింది. "నీ పువ్వులూ అంతే వదినా, నీడన ఆరేసుకుంటే కొన్నేళ్లు పచ్చగా, తరువాత నీలంగా ఉంటాయి" అన్నాను. "నీలమైనా నాకిష్టమేలే" అని కుర్తా మడతపెట్టుకుంది. పక్క కుట్లు ఇంకా వేయాలి.