అప్గార్ కోసం ఆగొద్దు

గల్ఫ్‌లో డ్యూటీలు చేసుకుంటూనే నర్సింగ్ లైసెన్స్ పరీక్షకు చదువుతున్నవాళ్ల కోసం ఈరోజు ఒక్కటే ప్రశ్న.

నెలలు నిండిన బిడ్డ పుట్టింది. ఏడుపు లేదు, ఒళ్లు వేలాడిపోతోంది. వార్మర్ కింద పెట్టి, తడి తుడిచి, తల సరిగ్గా ఉంచి, వీపు రుద్దారు. ముఖం కూడా చిట్లించలేదు, ఊపిరి లేదు. ఒళ్లు పింక్‌గా, చేతులూ కాళ్లూ నీలంగా ఉన్నాయి. హార్ట్ రేట్ 80. ఇప్పుడేం చేస్తారు?

చాలామంది "అప్గార్ లెక్కేస్తా" అంటారు. లెక్కేస్తే గుండెకు 1, రంగుకు 1, మిగతా మూడింటికీ సున్నా, మొత్తం 2. కానీ ఆ స్కోరు బిడ్డ పరిస్థితిని నమోదు చేయడానికే. ఏం చేయాలో చెప్పేది ఊపిరి, హార్ట్ రేట్.

సరైన జవాబు బ్యాగ్ అండ్ మాస్క్. పుట్టిన 60 సెకన్లలోపే, మామూలు గాలితో, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. హార్ట్ రేట్ పెరుగుతుంటే పని జరుగుతున్నట్టే. పెరగకపోతే ఛాతీ చూడండి. అది లేవకపోతే మాస్క్, తల సరిచేయండి. ముందు నోరు, తర్వాత ముక్కు సక్షన్ చేయండి.

ఛాతీ లేచేలా 30 సెకన్లు గాలి ఇచ్చాక కూడా హార్ట్ రేట్ 60 లోపే ఉంటేనే కంప్రెషన్లు. మూడు నొక్కులకు ఒక శ్వాస.

అప్గార్ రాసేది 1, 5 నిమిషాలకు. అయిదో నిమిషంలో 7 కంటే తక్కువుంటే ప్రతి 5 నిమిషాలకూ, 20 వరకు. చెయ్యి మాత్రం మాస్క్ మీదే ఉండాలి.