కాల్ సెంటర్ కుర్చీ నుంచి అనలిస్ట్ కుర్చీకి: ఒక తప్పుల పట్టిక కథ

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఈ నగరంలో హెడ్‌సెట్ పెట్టుకొని, కీబోర్డు ముందు కూర్చొని పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందుగా రామ్ రామ్.

మేము ముగ్గురం. ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా హోల్‌సేల్ దుకాణాల పైఅంతస్తులో అద్దె గదుల్లో ఉంటూ, ఆబిడ్స్‌లోని ఒకే ఆఫీసుకు నడిచి వెళ్లేవాళ్లం. ఇద్దరం డేటా ఎంట్రీ, ఒకరు కింది అంతస్తులో ఫోన్లు. ఇప్పుడు ఒకరు రిపోర్టులు విశ్లేషించే పనిలో, ఒకరు క్వాలిటీలో, ఒకరు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాం. ఎలా మారామని చాలామంది అడుగుతున్నారు. ఏ కోర్సు చేశారనేది మొదటి ప్రశ్న. కోర్సు సంగతి తర్వాత చెబుతాం. ముందు మేము చేసిన ఒక్క పనిని మొదటి నుంచి చివరిదాకా చెబుతాం. ఆఫీసు అంకెలు బయట చెప్పకూడదు కాబట్టి వాటిని మార్చి, లెక్కకు సులువుగా ఉండేలా వేసుకున్నాం. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

మా పని దరఖాస్తు ఫారాలు చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం. ఒక్కో ఫారానికి ఇరవై గడులు: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, జిల్లా, మండలం, పంచాయతీ, బ్యాంకు ఖాతా, ఇలా. మా ఫ్లోర్‌లో కచ్చితత్వం 99.4 శాతమని గోడ మీద బోర్డు ఉండేది. చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ శాతం గడులది, ఫారాలది కాదు. 200 ఫారాలంటే 4,000 గడులు. అందులో 0.6 శాతమంటే 24 తప్పులు. ఒక్కో తప్పు ఒక్కో ఫారంలో పడితే, 200 మంది దరఖాస్తుదారుల్లో 24 మంది కాగితాలు వెనక్కి వస్తాయి. స్కాలర్‌షిప్ కోసం పేరు సరిపోలక తిరిగిన వాళ్లు ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. బోర్డు మీది అంకె గడులది అయితే, బాధ ఫారానిది. ఈ తేడా చూడగలిగిన రోజే విశ్లేషణ మొదలైనట్టు.

తర్వాత ప్రశ్న: ఆ 24 తప్పులు ఏ గడుల్లో పడుతున్నాయి? రోజూ వచ్చే వేల ఫారాలు మళ్లీ తీసి చూడలేం కదా. మా గది కింద వ్యాపారులు ఏం చేస్తారో మీరూ చూసే ఉంటారు. లారీ నిండా వచ్చిన బస్తాలన్నీ విప్పరు. బోలు ఇనుప చువ్వ ఒకటి బస్తాలో గుచ్చి గుప్పెడు గింజలు తీస్తారు. అయితే తెలివైన వ్యాపారి ముందు వరసలోని బస్తాలే గుచ్చడు. మంచి సరుకు ముందు పెట్టడం అమ్మేవాడి అలవాటు. అక్కడొకటి, ఇక్కడొకటి, అడుగునొకటి గుచ్చుతాడు. ఫారాలకూ అదే సూత్రం. ఒక్క షిఫ్టువో, ఒక్క శుక్రవారానివో తీస్తే లెక్క పక్కదారి పడుతుంది. అందుకే వారం మొత్తం ఫారాల నంబర్లు ఎక్సెల్‌లో పెట్టి, పక్క కాలమ్‌లో ఈ ఫార్ములా వేశాం:

```
=RAND()
```

ఇది ప్రతి వరసకూ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెల ప్రకారం సార్ట్ చేసి పైనున్న 200 తీసుకున్నాం. ఒక చిన్న చిక్కు ఉంది. షీటులో ఏది మార్చినా ఈ అంకెలన్నీ మళ్లీ మారిపోతాయి. కాబట్టి సార్ట్ చేయకముందే వాటిని కాపీ చేసి, విలువలుగా పేస్ట్ చేయాలి. లేకపోతే ఏ 200 తీసుకున్నారో రేపు మీరే చూపించలేరు.

ఆ 200 ఫారాలను టీమ్ లీడర్ అనుమతితో, డ్యూటీ అయ్యాక, ఆఫీసులోనే కూర్చొని అసలు కాగితంతో సరిపోల్చాం. తప్పు దొరికిన ప్రతిసారీ ఒక వరస రాశాం: ఏ గడి, ఎవరు ఎక్కించారు, కాగితంలో ఏముంది, తెర మీద ఏముంది. పంచాయతీ గడిలో 13, పేర్లలో 6, మిగతా అన్నింటిలో కలిపి 5 తేలాయి. ఇరవై గడుల్లో ఒక్క గడే సగానికి పైగా తప్పులకు కారణం.

ఇక్కడే ఫ్లోర్ మీద వాదన వచ్చింది. ఆ 13లో 9 ఇద్దరి పేర్ల మీద ఉన్నాయి. ఇద్దరూ మనవాళ్లే. వాళ్లకు మళ్లీ ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందన్నారు. పట్టికను అలా చదవడం సులువు. కానీ మేము మరో కాలమ్ చేర్చి చూశాం: వాళ్ల దగ్గరికి వచ్చిన ఫారాలు ఏ జిల్లాలవి? దాదాపు అన్నీ మహబూబాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, నల్గొండ వైపువి. ఆ ప్రాంతం పేర్లు బాగా తెలుసని ఆ కట్టలు వాళ్లకే ఇచ్చేవారు. అంటే కష్టమైన ఫారాలు వాళ్లకు వెళ్లేవి. పేర్ల వారీగా ర్యాంకు వేస్తే పని బాగా తెలిసినవాళ్లే అడుగున కనిపిస్తారు. పట్టికలో ఎవరి పేరైనా ఎర్రగా కనిపిస్తే, అతని ముందుకు ఏ పని వచ్చిందో చూడకుండా మాట్లాడకండి.

అసలు కారణం డ్రాప్‌డౌన్ జాబితాలో ఉంది. 2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. వాటిలో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్‌లోని జాబితా అంతకు ముందుది. దరఖాస్తుదారుడు తన తండా పేరే పంచాయతీగా రాస్తాడు, అది నిజం కూడా. జాబితాలో ఆ పేరు లేదు. ఒక ఆపరేటర్ పాత మూల గ్రామం ఎంచుకుంటాడు, ఇంకొకరు ‘ఇతర’ అని పెడతారు. రెండూ తనిఖీలో తప్పులే. అంతకు ముందు 2016 అక్టోబరులో జిల్లాలు మారినప్పుడూ ఇలాంటి గందరగోళమే. బయ్యారం మండలం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వెళ్లింది, పాత జాబితా ఉన్నచోట అది ఖమ్మంలోనే ఉండిపోయింది. ఈ సంగతి మా పైఅధికారులకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. తండా పంచాయతీ అయిన రోజు డప్పులు విన్నవాళ్లం మనం.

ఒక పేజీ నోటు రాశాం. తప్పు ఏమిటి, ఎన్ని, కారణం ఏమిటి, ఏం మార్చాలి, మారిందని ఎలా తెలుసుకుంటాం. అంతే, ఐదు చిన్న పేరాలు. ఫిర్యాదులా ఉండకూడదని రెండుసార్లు తిరగరాశాం. క్లయింట్ కొత్త జాబితా పంపడానికి నెలన్నర పట్టింది. పెట్టిన మొదటి వారం వేగం తగ్గింది, ఎందుకంటే జాబితా పొడవైంది. మొదటి మూడు అక్షరాలు టైపు చేసి వెతకడం అందరికీ అలవాటయ్యాక మళ్లీ కోలుకుంది. అప్పుడు ఇంకో 200 తీస్తే మొత్తం తప్పులు 12, అందులో పంచాయతీ గడివి 3. సంబరపడలేదు. 200 చిన్న నమూనా, అదృష్టం కొద్దీ కూడా అంకె తగ్గవచ్చు. ఇంకో రెండు వారాలు తీసి, అక్కడే నిలిచిందని చూశాకే మెరుగైందని రాశాం.

ఇక కింది అంతస్తు. ఫోన్ పెట్టేశాక ఏజెంట్ ఆ కాల్ దేని గురించో ఒక కోడ్ నొక్కాలి. ‘దరఖాస్తు స్థితి’ అనే కోడ్ కింద కాల్స్ కుప్పలుగా ఉండేవి. అవి పొట్టి కాల్స్. ‘పరిశీలనలో ఉంది’ అని చెప్పి పెట్టేయవచ్చు. అందువల్ల సగటు కాల్ సమయం బాగా కనిపించేది, ఎవరికీ అనుమానం రాలేదు. మాలో ఫోన్ల దగ్గర ఉన్న ఒకరు ఆ కోడ్ కింద తను తీసుకున్న 50 కాల్స్‌కు పక్కన ఇంకో కారణం రాసుకున్నారు: ఎందుకు మళ్లీ చేశారు? చాలావరకు పంచాయతీ సరిపోలక వెనక్కి వచ్చిన దరఖాస్తులే. పైన ఎక్కించిన తప్పు కింద ఫోనై మోగుతోందన్నమాట. ఆ కాగితం పట్టుకొని క్వాలిటీ టీమ్ దగ్గరికి వెళ్లారు. తర్వాత ఆ టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే సరిపోయింది.

మూడో వ్యక్తిది శిక్షణ దారి. ట్రైనర్ అంటే ఇంగ్లిష్ గలగలా మాట్లాడాలన్న భయం మనలో ఎక్కువ. లోపలి ఎంపికలో అడిగింది పది నిమిషాల పాఠం. బానోతు, భానోత్, బాణోత్ అని ఒకే ఇంటిపేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే దేన్ని ఎక్కించాలి, ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతిని మొదటి పేరు, చివరి పేరు అనే గడుల్లో ఎలా పెట్టాలి అన్నదే ఆ పాఠం. పది అసలు చిక్కులు, పది జవాబులు. పాఠం బాగుందో లేదో కొత్తవాళ్ల మొదటి వారం తప్పులు చెబుతాయి, చప్పట్లు కాదు.

ఇప్పుడు కోర్సుల మాట. అమీర్‌పేట పోతే సిక్స్ సిగ్మా బెల్టులు రంగురంగుల్లో దొరుకుతాయి. ఆ పద్ధతి 1986లో మోటరోలాలో పుట్టి, 1995 నుంచి జీఈ కంపెనీలో వేళ్లూనుకుంది. 1997లో జీఈ మన దేశంలో మొదలుపెట్టిన బ్యాక్ ఆఫీసే ఇప్పటి జెన్‌ప్యాక్ట్. ఆ సంస్కృతి అలా మన ఆఫీసుల్లోకి వచ్చింది. చదవండి, మంచిదే. కానీ మీరే చేసిన పని ఒకటి చూపించలేని బెల్టుకు విలువ తక్కువ. డబ్బు పెట్టేముందు పివట్ టేబుల్ నేర్చుకోండి, అది ఉచితం. తర్వాత కొంచెం ఎస్‌క్యూఎల్. మేము చేత్తో చేసిన లెక్క అందులో ఇంతే:

```
SELECT field_name, COUNT(*)
FROM errors
GROUP BY field_name
ORDER BY COUNT(*) DESC;
```

సాధనకు ఆఫీసు డేటా ఇంటికి తేవద్దు, ఫోన్‌లో ఫొటో కూడా తీయవద్దు. అందులో మనలాంటి వాళ్ల ఖాతా నంబర్లు ఉంటాయి, ఉద్యోగం కూడా పోతుంది. తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉన్నవి తీసుకోండి.

లోపలి ఖాళీల నోటీసు చాలాచోట్ల ఐజేపీ పేరుతో వస్తుంది. ఒకేచోట ఏడాది పని, హెచ్చరిక లేఖ లేకపోవడం, మేనేజర్ వదలడానికి ఒప్పుకోవడం అడుగుతారు. మూడోదే కష్టం, బాగా చేసేవాళ్లను ఎవరూ వదలరు. మీ పని ఇంకొకరికి ముందే నేర్పి ఉంటే ఆ మాట తేలికవుతుంది. ఇంకోటి, ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ అనే పేరు చూసి మురిసిపోకండి. రోజూ నాలుగు రిపోర్టులు కాపీ చేసి మెయిల్ చేయడమే అయితే అది వేరే పేరున్న డేటా ఎంట్రీ. ఇంటర్వ్యూలో మీరూ అడగండి: ఈ రిపోర్టు ఎవరు చదువుతారు, పోయిన నెల దాన్ని చూసి ఏం మార్చారు? జవాబు రాకపోతే ఆలోచించుకోండి. జీతం సంగతి కూడా ఇంట్లో ముందే చెప్పండి. పగటి పనికి మారితే రాత్రి షిఫ్టు భత్యం పోతుంది. చేతికొచ్చేది మొదటి నెలల్లో తగ్గవచ్చు. మాలో ఇద్దరికి తగ్గింది, తర్వాతి ఇంక్రిమెంట్ దాకా ఊరికి పంపేది కొంచెం తగ్గించి పంపాం.