తొలగించే ముందు అడగవలసిన మాట

(చిక్కడపల్లిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాను నేను. చెప్పకుండా విధులకు రానివారికి సంజాయిషీ కోరుతూ నోటీసులు రాయడం ఒకప్పుడు నా పని. ఇప్పుడు అటువంటి నోటీసు అందుకున్న పనివారూ, ఇవ్వదలచిన దుకాణదారులూ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుంచి నా వద్దకు వస్తుంటారు. ఇరుపక్షాలవారిలోనూ ఒకే పొరపాటు చూస్తున్నాను. కొన్ని వారాలు పనికి రాకపోతే ఉద్యోగం దానంతట అదే పోతుందని నమ్ముతారు. అది నిజం కాదు.

ఈ సంగతిని సుప్రీంకోర్టు 1993లో డి.కె.యాదవ్ కేసులో తేల్చి చెప్పింది. ఎనిమిది రోజులకు మించి సెలవు లేకుండా గైర్హాజరైతే ఉద్యోగంపై హక్కు పోతుందని ఆయన పనిచేసిన కర్మాగారం నిబంధనల్లో ఉంది. 1980 డిసెంబరు 3 నుంచి రాలేదంటూ అదే నెల 12న యాజమాన్యం ఆయన పేరు తీసివేసింది. తాను వచ్చాననీ, గేటు వద్దనే ఆపివేశారనీ యాదవ్ చెప్పారు. నిబంధన ఉన్నప్పటికీ కార్మికుని వాదన వినకుండా తొలగించడం చెల్లదని కోర్టు తీర్పునిచ్చి, సగం పాత వేతనంతో ఆయనను తిరిగి పనిలోకి తీసుకోమంది. గైర్హాజరు ఉద్దేశపూర్వకమైనదని రుజువు కావాలనీ, అనారోగ్యం వంటి తప్పనిసరి కారణాలు ఉండవచ్చుననీ 2012లో మరొక తీర్పు చెప్పింది.

ఇక నోటీసు ఎలా ఉండాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. నారాయణగూడలో ఒక బట్టల దుకాణం. మూడేళ్లుగా పనిచేస్తున్న యువకుడు తల్లికి జబ్బు చేసిందని రెండు రోజుల సెలవుపై ఊరికి వెళ్లాడు. మూడు వారాలైనా రాలేదు, ఫోను ఎత్తడం లేదు. యజమాని ఇలా రాయాలి:

“మీరు జూన్ 2, 3 తేదీలకు సెలవు తీసుకున్నారు. 4వ తేదీ నుంచి నేటి వరకు అనుమతి లేకుండా విధులకు రాలేదు. 10, 17 తేదీలలో మేము చేసిన ఫోనులకు జవాబు రాలేదు. ఈ నోటీసు అందిన పది రోజులలోగా విధులలో చేరండి, లేదా రాలేకపోవడానికి కారణాన్ని ఆధారాలతో రాసి పంపండి. రెండూ జరగకపోతే మీ ఉద్యోగం ముగించే విషయాన్ని పరిశీలించవలసి వస్తుంది.”

ఇందులో చివరి వాక్యాన్ని గమనించండి. “ముగించే విషయాన్ని పరిశీలిస్తాం” అన్నదే గాని “తొలగించాం” అనలేదు. తీర్పు ముందే రాసి సంజాయిషీ అడిగితే ఆ అడగడం తతంగంగా మిగులుతుంది. తేదీలు కూడా స్పష్టంగా ఉండాలి; “చాలా రోజులుగా” అంటే పనివానికి దేనికి జవాబివ్వాలో తెలియదు.

మరొక చిక్కు చిరునామాతో వస్తుంది. అశోక్‌నగర్‌లో అద్దె గదుల్లో ఉండేవారు తరచూ గది మారుస్తారు. పాత గదికి పంపిన కవరు “ఇల్లు వదిలి వెళ్లారు” అన్న రాతతో తిరిగి వస్తే, నోటీసు అందిందని నమ్మించడం కష్టం. కనుక ఊరి చిరునామాకు కూడా పోస్టులో పంపి, రసీదునూ, తిరిగి వచ్చిన కవరును విప్పకుండానే భద్రపరచాలి. వాట్సాప్‌లో పంపడం అదనపు ఆధారమే గాని పోస్టుకు బదులు కాదు.

ఈ నోటీసుతోనే తొలగింపు పూర్తికాదు. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఎడతెగకుండా ఆరు నెలలు పనిచేసినవారిని సహేతుక కారణం లేకుండా, నెల ముందుగా రాతపూర్వక నోటీసు గాని నెల జీతం గాని ఇవ్వకుండా తొలగించరాదు. సంజాయిషీ అడిగే కాగితం వేరు, తొలగింపు కాగితం వేరు. రెండింటినీ ఒకటిగా కలిపినచోటే యజమానులు చిక్కుల్లో పడతారు.

పనివారితోనూ ఒక మాట. నోటీసు చూసి కవరు తిరస్కరించకండి. తీసుకోకపోవడం రక్షణ కాదు. ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో, నోటీసు ఇచ్చినా విధులకు రాక, సంతృప్తికరమైన కారణమూ చూపనందున సుప్రీంకోర్టు బ్యాంకు పక్షానే నిలిచింది. కాబట్టి గడువులోగా జవాబు రాయండి: ఏ తేదీన ఏం జరిగింది, తల్లి ఆసుపత్రి కాగితాలు జతచేశాను, ఫలానా తేదీన వస్తాను అని. ప్రతిని మీ వద్ద ఉంచుకోండి. ఆ రోజున వెళితే పనిలో చేర్చుకోనంటే గొడవపడి వెనుదిరగకండి. “ఈరోజు వచ్చాను, చేర్చుకోలేదు” అని అదే రోజు రాసి పోస్టు చేయండి. గేటు వద్ద ఆపివేసిన యాదవ్ కథలో యజమాని మాటకూ కార్మికుని మాటకూ మధ్య ఏళ్లతరబడి సాగిన వివాదమంతా ఆ ఒక్క విషయం మీదనే.

నోటీసు కాగితం చేతికి వచ్చినప్పుడు గడువు తేదీని ముందుగా చూడండి. ఆ తేదీ దాటకముందే నా దగ్గరకు గాని, తెలిసిన న్యాయవాది దగ్గరకు గాని రండి. సెలవు.