రాత్రి పాలు మాన్పించడంలో నాన్న వంతు

అక్కలారా, చెల్లెళ్లారా! వెనక కూర్చున్న అన్నలారా! ఇది ఆడవాళ్ల మాటే కదా అని లేచిపోకండి. ఇందులో సగం పని మీదే.

నూజివీడు చుట్టుపక్కల ఒక ఊళ్లో ఒక కుటుంబం ఉందనుకుందాం. మొగుడు మామిడి తోట కాపలాకు వెళ్తాడు. పెళ్లాం కాయలు ఏరి, గ్రేడు చేసి, పెట్టెల్లో సర్దే కూలి. వాళ్లకి ఇరవై నెలల బాబు ఉన్నాడు. అన్నం తింటాడు, పప్పు తింటాడు, రసం పండు చేతికిస్తే టెంక దాకా చీకుతాడు. అయినా రాత్రి నాలుగుసార్లు లేచి పాలకు ఏడుస్తాడు. తల్లి తెల్లారకముందే లేచి పనికి పోవాలి. నిద్ర చాలక కాయల ముందు కూర్చుని తూలిపోతోంది.

అత్తగారు ఒక ఉపాయం చెప్పింది. "రొమ్ముకి వేపాకు పసరు రాయవే. రెండు రోజుల్లో మానేస్తాడు."

"వద్దత్తా. నిన్నటిదాకా తియ్యగా ఉన్నది ఇవాళ చేదయితే వాడు బెదిరిపోడూ? పైగా పగలు కూడా మానేస్తాడు" అంది కోడలు.

కోడలి మాట నిజం. బిడ్డకి రెండేళ్లు నిండేదాకా, ఆ తరవాత కూడా తల్లి పాలు మంచివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మానాల్సింది పాలు కాదు, రాత్రి పాలు మాత్రమే.

బాబు రాత్రి ఎందుకు లేస్తున్నాడు? ఆకలికా? పగలు కడుపునిండా తినే ఇరవై నెలల బిడ్డకి రాత్రి లేవడానికి చాలాసార్లు ఆకలి కారణం కాదు. మనం కూడా రాత్రి నాలుగైదుసార్లు కొంచెం మెలకువ వచ్చి, పక్కకి తిరిగి పడుకుంటాం. బిడ్డకి కూడా అలాగే మెలకువ వస్తుంది. కానీ వాడు రోజూ రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోతున్నాడు. మెలకువ రాగానే అదే వెతుక్కుంటాడు. కాబట్టి వాడికి నేర్పాల్సింది నిద్రపోయే ఇంకొక పద్ధతి. అది నేర్పడానికి నాన్నే తగినవాడు. ఎందుకంటే నాన్న దగ్గర పాల వాసన రాదు.

అయితే ఎప్పుడు మొదలుపెట్టాలి? తల్లి మే నెలలోనే మొదలుపెడదామంది. "ఇప్పుడు కాదే. కాయ తోటలో ఉన్నన్నాళ్లూ నేను రాత్రి ఇంట్లో ఉండను. కోత అయిపోనీ" అన్నాడు మొగుడు. ఇద్దరూ ఆగారు. జూన్ ఆఖరుకి కాపలా అయిపోయింది. ఈలోగా బాబుని అంగన్‌వాడీలో తూకం వేయించారు. బరువు సరిగా ఉంది. బరువు తక్కువగా ఉంటే ముందు తిండి పెంచాలి, రాత్రి పాల సంగతి తరవాత. ఏడాది నిండని బిడ్డకి రాత్రి పాలు మాన్పించకూడదు.

మొదటి వారం రాత్రి పాలు ఏవీ తగ్గించలేదు. నిద్రపుచ్చే పద్ధతి మాత్రం మార్చారు. పగలు మూడుసార్లు అన్నం, మధ్యలో అరటిపండో, గుడ్డో పెట్టారు. రాత్రి పెరుగన్నం తిన్నాక తల్లి కూర్చుని, దీపం వెలుగులో పాలిచ్చింది. పడుకుని ఇవ్వలేదు. తరవాత బాబు పళ్లు తుడిచి, తండ్రి చేతికిచ్చింది. తండ్రి భుజాన వేసుకుని, వాకిట్లో తిరుగుతూ, వీపు తడుతూ నిద్రపుచ్చాడు. మొదటి రోజు గంట పట్టింది. వారం తిరిగేసరికి తండ్రి భుజం ఎక్కితే బాబుకి కళ్లు మూతపడేవి.

పగలు బాబుకి ఒక మాట రోజూ చెప్పారు. "చీకటి పడితే పాలు బజ్జుంటాయి. తెల్లారాక లేస్తాయి." చిన్నవాడికి ఏం తెలుస్తుంది అనుకోకండి. వినగా వినగా తెలుస్తుంది.

రెండో వారం ఒక్కొక్క పూట తగ్గించారు. బాబు రాత్రి పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి, అయిదుకి లేస్తాడు. ముందు ఒంటిగంట పాలు పట్టుకున్నారు. మూడు రాత్రులు ఆ పూట కొంచెం సేపే ఇచ్చింది తల్లి. బాబు గుటక వేయడం మాని ఊరికే చీకుతున్నప్పుడు, నోటి మూలన వేలు పెట్టి మెల్లగా విడిపించి తండ్రికి అందించింది. నాలుగో రాత్రి నుంచి ఒంటిగంటకి తండ్రే లేచాడు. తల్లి అరుగు మీద పడుకుంది. తండ్రి గ్లాసుతో రెండు గుక్కల నీళ్లు పట్టాడు. "పాలు బజ్జున్నాయి నాన్నా, నేనున్నాను" అని ఎత్తుకున్నాడు. పాలసీసా మాత్రం పెట్టలేదు. రాత్రి నోట్లో సీసా ఉంటే పళ్లు పుచ్చిపోతాయి.

ఆ రాత్రి బాబు చాలాసేపు ఏడ్చాడు. తల్లి గుమ్మం దాకా వచ్చింది. తండ్రి చెయ్యి ఊపి, వెనక్కి పొమ్మన్నాడు. ఇక్కడే చాలామంది తడబడతారు. అరగంట ఏడ్చాక పాలిస్తే, గట్టిగా ఏడిస్తే పాలొస్తాయని బిడ్డ నేర్చుకుంటాడు. ఒంటరిగా వదిలేసి ఏడిపించకూడదు. నాన్న చేతుల్లో ఉండి కోపంతో ఏడవడం వేరు. మూడో రోజుకి ఆ ఏడుపు బాగా తగ్గింది.

ఒక పూట కుదిరాక మూడు గంటల పాలు, ఆ తరవాత పదకొండు గంటల పాలు ఇలాగే తగ్గించాలి. అయిదు గంటల పాలు తెల్లారాక ఇచ్చే పాలుగా మార్చాలి.

మధ్యలో ఒక ఆటంకం వచ్చింది. వానలు పడ్డాయి, బాబుకి విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి ఆలోచించకుండా రాత్రి పాలు మళ్లీ ఇచ్చింది. అది ఓడిపోవడం కాదు. విరేచనాలప్పుడు తల్లి పాలు ఆపకూడదు. లీటరు ప్యాకెట్టు ఓ.ఆర్.ఎస్.ని లీటరు మంచినీళ్లలో కలిపి తాగించారు. ఏఎన్ఎంకి చూపించారు. తగ్గి, వారం గడిచాక మళ్లీ ఒంటిగంట పాలతోనే మొదలుపెట్టారు. ఈసారి రెండు రోజుల్లోనే దారికొచ్చాడు.

జబ్బు లేకపోయినా ఆగాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బిడ్డ పగలంతా తల్లిని వదలకుండా పట్టుకుని ఉన్నా, అన్నం మానేసినా, ఇదివరకటి కంటే ఎక్కువసార్లు లేస్తున్నా రెండు వారాలు ఆపండి. వాడికి ఇంకా సమయం రాలేదన్న మాట.

తల్లి ఒంటి సంగతి కూడా చూడాలి. పాలు తగ్గిస్తే రొమ్ము బిగుసుకుంటుంది. భారం తగ్గేంత వరకే చేత్తో కొంచెం పిండెయ్యాలి. పూర్తిగా పిండితే మళ్లీ అంతా ఊరుతాయి. తడిగుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. గుడ్డతో గట్టిగా బిగించి కట్టకూడదు. ఒకచోట ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉండి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రొమ్ము పాలు బిడ్డకి ఇవ్వడం మానకూడదు.

ఆగస్టు వచ్చేసరికి ఆ ఇంట్లో బాబు తెల్లారిందాకా నిద్రపోతున్నాడు. రాత్రి ఎప్పుడైనా లేస్తే "నాన్నా" అని పిలుస్తున్నాడు. పొద్దున్నే వెలుగు చూసి తల్లి మీదకి ఎక్కుతాడు. "పాలు లేచాయి" అంటాడు. ఆమె నవ్వుతూ ఒళ్లోకి తీసుకుంటుంది.

అన్నలారా, ఇప్పుడు చెప్పండి. మీ ఇంట్లో ఇవాళ ఒంటిగంటకి ఎవరు లేస్తారు?