ఒంగోలు బాప్తిస్మాలు: కరువొక్కటే కారణమా?

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. గింజల కోసం మతం మారారన్న మాట అప్పట్నుంచీ ఉన్నదే. కరువు నిజం. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించిన మాటా నిజమే. అయితే కరువు సాయం సాగుతుండగా ఆయన నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసమే వచ్చినవాళ్లు ఆ తరువాత ఎందుకు బారులు తీరతారు?

జవాబు పన్నెండేళ్ల వెనక ఉంది. అప్పుడు క్రైస్తవుడైన మాదిగ తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య క్లౌ దొరను కలవకముందే యోగ గురువుల ఉపదేశం పొందినవాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని చెప్పుకునే నేల అది. జ్ఞానానికి కులం అడ్డుకాదన్న మాట అక్కడ కొత్తది కాదు. కొత్తదల్లా బడి, సంఘం. మాదిగల్ని చేర్చుకోకపోతే తాము వస్తామన్న పైకులాల వారి షరతును క్లౌ ఒప్పుకోలేదు, నా దృష్టిలో అసలు మలుపు అదే.

మరి కులం పోయిందా? పోలేదు. భూమి చేతులు మారలేదు, మాల మాదిగల ఎడం చర్చిలోకీ వచ్చింది. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు.