అటాచ్ రేటు పెరిగింది సరే, ఆదాయం పెరిగిందా?

ఇంట్లో ఫైబర్ నెట్ రీఛార్జ్ చేస్తుంటే "ఇంకో 150 కడితే ఓటీటీ కూడా" అని స్క్రీన్ మీద వస్తుంది కదా. ఆ చిన్న బాక్స్ వెనక ఉన్న లెక్క ఈరోజు చూద్దాం. అంకెలు ఉదాహరణకి నేను తీసుకున్నవే. జీఎస్టీ పక్కన పెట్టేద్దాం.

ఒక నెట్ కంపెనీకి 1,000 కనెక్షన్లు ఉన్నాయి. బేస్ ప్లాన్ నెలకి 600. ఓటీటీ యాడ్-ఆన్ 150. దాన్ని 200 ఇళ్లవాళ్లు తీసుకున్నారు. అంటే వందకి 20 మంది. దీన్నే అటాచ్ రేటు అంటారు, ఇక్కడ 20 శాతం.

ఆ 200 మంది నుంచి అదనంగా వచ్చింది 30,000. దాన్ని మొత్తం 1,000 అకౌంట్లకి పంచితే ఒక్కోదానికి 30. కాబట్టి సగటు ఆదాయం 600 నుంచి 630 అయింది. దీని పేరు ఆర్పా, అంటే ఒక్కో అకౌంట్‌కి వచ్చే సగటు రాబడి. ఇంట్లో నలుగురు చూసినా అకౌంట్ మాత్రం ఒక్కటే, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కంపెనీ రెండూ కలిపి 700కే బండిల్ పెట్టింది. 500 మంది తీసుకున్నారు. అటాచ్ రేటు 50 శాతం! మీటింగ్‌లో చప్పట్లే. కానీ ఆగండి. ఇంతకుముందు 750 కడుతున్న ఆ 200 మంది ఇప్పుడు 700కి దిగిపోయారు. అక్కడ 10,000 పోయింది. కొత్తగా చేరిన 300 మంది తలా 100 ఎక్కువిచ్చారు, 30,000 వచ్చింది. నికరంగా మిగిలింది 20,000. ఆర్పా 650. అటాచ్ రేటు రెండున్నర రెట్లయినా, ఆర్పా పెరిగింది 20 రూపాయలే.

అదే బండిల్‌ని 640కి ఇచ్చి ఉంటే? అప్పుడూ 500 మందే తీసుకున్నారనుకుంటే ఆర్పా 620. అంటే అంతకుముందు కంటే తక్కువ!

ఇంకో ఖర్చుంది. ఓటీటీ వాళ్లకి ఒక్కో అకౌంట్‌కి 60 ఇవ్వాలనుకోండి. ముందు 200 మందికి 12,000 పోయేది, ఇప్పుడు 500 మందికి 30,000 పోతుంది. అది తీసేస్తే అకౌంట్‌కి మిగిలేది ముందు 618, ఇప్పుడు 620. ఇంత హడావిడి చేసి మిగిలింది రెండు రూపాయలు.

ఫ్రీ ట్రయల్ ఉంటే లెక్క ఇంకా మోసం చేస్తుంది. మూడు నెలలు ఉచితమైతే, పైసా కట్టని వాళ్లు కూడా అటాచ్ అయినట్టే కనిపిస్తారు. అందుకే నేనైతే నాలుగో నెల బిల్లు కట్టినవాళ్లనే లెక్కలో వేస్తాను.

కాబట్టి ఎవరైనా "మా అటాచ్ రేటు డబుల్ అయింది" అంటే రెండు ప్రశ్నలు వేయండి. కొత్తగా డబ్బు కట్టినవాళ్లెందరు? పాతవాళ్లు ఎంత తక్కువ కడుతున్నారు? ఈ రెండిటికీ జవాబు లేకపోతే, ఆ శాతం ఒక్కటి చూసి ఏమీ చెప్పలేం.